జాకెట్ కటింగ్ పేజీకి ఒక్క బటన్ చాలు

సిరిసిల్ల నుంచి సిద్దిపేట దారిలో మానేరు వంతెన దాటితే తంగళ్ళపల్లి వస్తుంది. ఇక్కడ సాంచల చప్పుడు లేని వీధి తక్కువ, బీడీల చాట లేని అరుగు ఇంకా తక్కువ. ఈమధ్య మూడో పని ఒకటి పెరిగింది, కుట్టుమిషన్. పెద్దూరు అపారెల్ పార్కుకు పోయే అమ్మాయిలున్నారు, ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఫాల్‌లు, జాకెట్లు కుట్టేవాళ్లున్నారు. ఈ రెండో రకం వాళ్లలో ఒక అక్క ఉంది. జాకెట్ కటింగ్‌లో చేయి తిరిగిన మనిషి. ఇన్నేళ్లూ ఇంటికొచ్చిన పిల్లలకు నేర్పింది. ఇప్పుడు ఫోన్‌లో పాఠాలు చెప్పి, ఊరు దాటి కూడా నేర్పాలనుకుంది. వీడియోలు తీసింది, ధర పెట్టుకుంది. మిగిలింది ఆ కోర్సు గురించి చెప్పే పేజీ. అది రాసిపెట్టమని నన్నడిగింది.

ల్యాండింగ్ పేజీ అంటే పెద్ద సంగతేం కాదండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఒక లింకు చూసి నొక్కితే, మనిషి నేరుగా వచ్చి దిగే పేజీ. చదివినవాళ్లు అక్కడ ఒకే ఒక పని చెయ్యాలి. చెయ్యకుండా ఆపేది ఏదైనా మనసులో ఉంటే, దానికి అక్కడికక్కడే జవాబు దొరకాలి. చెప్పడానికి రెండే ముక్కలు, రాయబోతే మాత్రం బోలెడంత పని. ఆ పని ఎట్లా సాగిందో మీతో చెప్పుకోవాలనిపించింది. కోర్సు జాకెట్‌ది కానీ, వేదగణితానిది కానీ, ఈ పద్ధతిలో మారేది కొంచెమే.

అక్క దగ్గర అప్పటికే ఒక కాగితం ఉంది. ఎవరో రాసిచ్చారట. పైన పెద్ద అక్షరాలతో "ఇంట్లోనే ఉండి సులభంగా టైలరింగ్ నేర్చుకోండి! మీ కలలను నిజం చేసుకోండి!" అని ఉంది. దీన్ని చదివిన మనిషి ఇది నా కోసమేనా అని తేల్చుకోలేదు. సూదిలో దారం ఎక్కించడం రానివాళ్లకా? బొటిక్ పెట్టుకున్నవాళ్లకా? అందుకే రాతకు ముందు ఒక్కటే అడిగాను.

"అక్కా, నీ దగ్గరికి వచ్చినోళ్లల్ల ఎవలు తొందరగా నేర్చుకున్నరు?"

"మిషన్ తొక్కుడు వచ్చినోళ్లే తమ్మీ. కార్ఖానకు పోయేటోళ్లకు కుట్టుడు మస్తు వస్తది. కాని కత్తెర వట్టమంటే భయపడ్తరు. ఇంట్ల కుట్టేటోళ్లు ఆది జాకెట్ వెట్టి కోస్తరు. ఆది లేకుంటే చేతులెత్తేస్తరు."

పేజీ మొత్తం ఈ నాలుగు మాటల్లోనే ఉందండి. ఎందుకో చెప్తాను. బట్టల కార్ఖానాలో కటింగ్ ఒక విభాగం, కుట్టు ఇంకో విభాగం. బట్టను పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోసేస్తారు. లైనులో కూర్చున్న అమ్మాయి రోజంతా కాలరో, చేయో, పక్క కుట్టో, ఏదో ఒక్కటే వేస్తుంది. ఏళ్లు పనిచేసినా ఒక జాకెట్‌ను మొదటి నుంచి చివరిదాకా కోసి కుట్టే అవసరమే రాదు. ఇంట్లో కుట్టే ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లు పాత జాకెట్‌ను ఆదిగా బట్ట మీద పరిచి, చుట్టూ గీత గీసి కోస్తారు. ఆ పాత జాకెట్‌లో చంక దగ్గర తప్పుంటే కొత్తదానిలోకీ అదే తప్పు దిగుతుంది. మనిషి ఒళ్లు చేస్తే ఆది పనికిరాదు. పెళ్లికూతురి కొలతలు ఫోన్‌లో పంపిస్తే అసలు ఆదే ఉండదు.

అంటే ఈ కోర్సు మిషన్ వచ్చి, కటింగ్ రానివాళ్లకు. అందరికీ కాదు. ఆ మాట పైనే చెప్పేస్తే మిగతావాళ్లు వెళ్లిపోతారని అక్క భయపడింది. వెళ్లిపోవాలి కూడా. మిషన్ రానిమనిషి డబ్బు కట్టి చేరితే మొదటి వారమే వెనకబడుతుంది, తిరిగి ఇచ్చెయ్యమంటుంది, నలుగురికీ చెప్తుంది. అందుకే శీర్షిక ఇట్లా తేలింది:

> ఆది జాకెట్ లేకుండా, ఒంటి కొలతలతో జాకెట్ కోయడం నేర్చుకోండి.
> ఆరు వారాలు, మీ ఫోన్‌లోనే. మిషన్ మీద కుట్టడం వచ్చినవాళ్లకు మాత్రమే.

"కలలు" పోయాయి, "సులభంగా" పోయింది. చదివే మనిషికి ఏం వస్తుంది, ఎన్నాళ్లలో వస్తుంది, ఎక్కడ వస్తుంది, తాను లెక్కలో ఉందా లేదా అన్నవి రెండు వరసల్లో తెలిసిపోతాయి. ఇందులో ఒక్క విశేషణం కూడా లేకపోయినా, ఆది లేక చేతులెత్తేసిన రోజు గుర్తున్న మనిషి అక్కడే ఆగిపోతుంది.

ఇక బటన్ సంగతి. పాత కాగితంలో చివర ఏమున్నాయో చూడండి. "ఇప్పుడే చేరండి", దాని పక్కన "వాట్సాప్ చెయ్యండి", కింద "మా యూట్యూబ్ ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చెయ్యండి", ఇంకా కింద ఇన్‌స్టాగ్రామ్ గుర్తు, ఫేస్‌బుక్ గుర్తు, ఫోన్ నంబరు. ఆరు దారులు. యూట్యూబ్ నొక్కిన మనిషి అక్కడ ఇంకెవరిదో వంకాయ కూర వీడియో చూస్తూ ఉండిపోతుంది, తిరిగి రాదు. పేజీ ఎంత బాగా ఒప్పించినా, ఒప్పుకున్న క్షణంలో ఎటు పోవాలో మళ్లీ తేల్చుకోమంటే ఆ మనిషి పక్కకు పెట్టేస్తుంది. "తర్వాత చూద్దాం" అంటే చూడనట్టే.

ఒకే పని అడగాలన్నది కొత్త సంగతి కాదు. క్లాడ్ హాప్కిన్స్ అనే అమెరికా ప్రకటనల రచయిత 1923లో 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' అనే చిన్న పుస్తకం రాశాడు. పోస్టులో సరుకు అమ్మేవాళ్ల ప్రకటనలను చూసి నేర్చుకోమంటాడు అందులో. ఎందుకంటే ఆ ప్రకటనకు ఎన్ని జవాబులొచ్చాయో లెక్క తేలిపోతుంది. అక్కడ కూపన్ ఒక్కటే, కత్తిరించి పంపడం ఒక్కటే పని. మన వారపత్రికల్లోనూ వి.పి.పి. ప్రకటనలు వచ్చేవి, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరం ముక్క రాస్తే చాలు, పోస్ట్‌మ్యాన్ పార్సిల్ తెచ్చాకే డబ్బు. ఆ ఏర్పాటులో పనీ ఒక్కటే. "ముందే డబ్బు కడితే పంపుతారో లేదో" అన్న అనుమానానికి జవాబు కూడా అందులోనే ఉంది. మన పేజీ చెయ్యాల్సిందీ ఇదే.

అయితే ఆ ఒక్క పని ఏది? ఇక్కడ మా ఇద్దరికీ వాదన జరిగింది. అక్క వాట్సాప్ అంది. "మనోళ్లు మాట్లాడంది పైసలు కట్టరు తమ్మీ" అంది. ఆ మాటలో నిజముంది. పదిమంది పట్టే బ్యాచ్ అయితే, లేదా కోర్సు ధర పదివేలు ఇరవైవేలు అయితే, నేను కూడా వాట్సాప్ సందేశమే ఆ ఒక్క పనిగా పెట్టేవాణ్ని. కాని ఈ కోర్సు ధర ₹1,499. వచ్చిన ప్రతి మనిషితో అరగంట మాట్లాడితే, రాత్రి పాఠాలు దిద్దాల్సిన మనిషి ఫోన్‌కే అంకితమైపోతుంది. పైగా మాట్లాడేటప్పుడు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే ఉంటాయి. అవే ప్రశ్నలు అయినప్పుడు జవాబు పేజీ మీద ఉండొచ్చు కదా. అందుకని డబ్బు కట్టి చేరడమే ఆ ఒక్క పని అనుకున్నాం. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ గుర్తులన్నీ తీసేశాం. ఫోన్ నంబరును మాత్రం తీసెయ్యలేదు. అది లేకపోతే ఇదేదో మోసం అనుకుంటారు. పేజీ అడుగున, చిరునామా పక్కన, మామూలు అక్షరాల్లో పెట్టాం. బటన్‌లా మెరవకూడదు, వెతికినవాళ్లకు దొరకాలి.

బటన్ మీద "సబ్మిట్" అనో "నమోదు" అనో రాయలేదు. "₹1,499 కట్టి చేరతాను" అని రాశాం. నొక్కితే ఏం జరుగుతుందో నొక్కకముందే తెలియాలి. పేజీలో ఆ బటన్ మూడు చోట్ల వస్తుంది. శీర్షిక కింద ఒకసారి, వారంవారం ఏం నేర్పుతారో చెప్పాక ఒకసారి, సందేహాలన్నీ అయ్యాక చివర ఒకసారి. మూడు చోట్లా అవే అక్షరాలు, అదే రంగు, పోయే చోటూ ఒకటే. ఒకచోట "చేరండి", ఇంకోచోట "సీటు బుక్ చేసుకోండి" అని మారిస్తే రెండూ వేర్వేరనుకుంటారు. బటన్ నొక్కాక వచ్చే చోట కూడా పేరు, వాట్సాప్ నంబరు, అంతే. వయసెంత, భర్త పేరేమిటి, ఏ ఊరు అని అడిగితే ఒక్కో గడి దగ్గర ఒక్కొక్కరు దిగిపోతారు.

అసలు శ్రమ అంతా సందేహాల దగ్గర ఉంది. చాలామంది ఇక్కడ కూర్చుని ఊహిస్తారు. "సర్టిఫికెట్ ఇస్తారా?" "వీడియోలు హెచ్‌డీలో ఉంటాయా?" అని తమకు జవాబు తెలిసిన ప్రశ్నలు తామే రాసుకుంటారు. నేను అక్క ఫోన్ తీసుకుని కూర్చున్నాను. కోర్సు గురించి ఆమె స్టేటస్ పెట్టినప్పటి నుంచి వచ్చిన సందేశాలు, వాయిస్‌లు అన్నీ విన్నాను. అడిగినవాళ్ల మాటలను వాళ్లు అన్నట్టే కాగితం మీద రాసుకున్నాను. పేర్లు వద్దు, మాటలు చాలు. ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో, ఏ మాట తర్వాత సంభాషణ ఆగిపోయిందో చూసుకున్నాను. ఈ రెండోది ముఖ్యం. ఒక ప్రశ్నకు అక్క జవాబిచ్చాక అవతలి నుంచి "సరే అక్కా" అని వచ్చి మళ్లీ మాట లేకపోతే, ఆ జవాబు పనిచెయ్యలేదన్నమాట.

అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆగిపోయింది ఈ ప్రశ్న దగ్గర: "యూట్యూబ్‌ల ఫ్రీగ ఉన్నయి గద అక్కా?"

దీనికి అక్క మొదట ఇచ్చిన జవాబు "యూట్యూబ్‌ల అన్నీ సరిగ్గ చెప్పరు" అని. అది నిజం కాదు. యూట్యూబ్‌లో చాలా బాగా చెప్పేవాళ్లున్నారు, అడిగిన మనిషికీ ఆ సంగతి తెలుసు. మనం అబద్ధమాడుతున్నామని ఆమెకు అక్కడే తెలిసిపోతుంది, తర్వాత ఏం చెప్పినా నమ్మదు. అడిగింది న్యాయమైన ప్రశ్న అని ముందు ఒప్పుకోవాలి. ఆపైన, ఆ వీడియోలు చూసి కూడా జాకెట్ ఎందుకు కుదరలేదో ఆమెకు గుర్తు చెయ్యాలి.

"వీడియో చూసి కోసినోళ్లకు ఏడ పాడైతది అక్కా?" అనడిగాను.

అక్క ఒక జాకెట్ తెచ్చి నా ముందు పరిచింది. ముందు భాగంలో చంక దగ్గర రెండు ముడతలు. "గిదే. వీడియోల 36 సైజుకు చెప్తరు. 36ల నాలుగో వంతు 9, దాని మీద లూజు, కుట్టుకు బట్ట. గంతవరకు అందరికి వస్తది. ముందు చంకను ఎనక చంక కంటె అర అంగుళం లోతు తియ్యాలె. అది మర్చిపోతే ముడత. లోతు ఎక్కువైనా ముడతే. ఏదైందో ఆమెకు తెల్వది, వీడియోకు తెల్వది. చూస్తే నాకు తెలుస్తది."

ఇంకేం కావాలి. జవాబు దొరికింది. పేజీలోకి ఇట్లా ఎక్కింది:

> యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి కదా?
> ఉన్నాయి, మంచివి కూడా ఉన్నాయి. వాటితో మీకు జాకెట్ కుదిరితే ఈ కోర్సు అవసరం లేదు. చంక దగ్గర ముడత వస్తూ, ఎందుకొస్తుందో తెలియకపోతే ఇది మీ కోసం. ప్రతి వారం మీరు మీ కొలతలతో కాగితం మీద కోసి, ఫొటో పంపిస్తారు. నేను దాని మీదే ఎర్ర గీతతో తప్పు చూపించి తిరిగి పంపిస్తాను. బట్ట మీద కత్తెర పెట్టేది ఆ తర్వాతే.

పక్కన ఒక బొమ్మ పెట్టాం. కాగితపు కటింగ్ ఫొటో, చంక దగ్గర ఎర్ర గీత, "ఇక్కడ పావు అంగుళం తగ్గించు" అని అక్క చేతిరాత. పేజీ మొత్తంలో ఉన్న బొమ్మలు మూడే. అందులో ఎక్కువ పని చేసేది ఇదేనని నా నమ్మకం. ఎందుకంటే డబ్బు దేనికి కడుతున్నారో అది కళ్లకు కనబడుతుంది. నవ్వుతున్న అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది, అది ఏ సందేహానికీ జవాబు కాదు.

ఇంకో ప్రశ్న. ఇది ఎవరూ నేరుగా అడగలేదు, కాని నాలుగైదు వాయిస్‌లలో మాట పక్కనుంచి వినిపించింది. "ఫోన్ మా ఆయన దగ్గర ఉంటదక్కా." "పొద్దుగూకంగనె వంట." "బీడీలు కంపెనీల ఇచ్చి వచ్చేవరకు అయిదైతది." ఈ మాటలను సమయం లేదనే గంపలో వేసి "మీకు వీలైనప్పుడు చూడండి" అని రాయడం తేలిక. అది జవాబు కాదు. ఫోన్ చేతికి వచ్చేది రాత్రి తొమ్మిది దాటాక అయితే, పాఠం ఎంతసేపు ఉంటుందో ముందే చెప్పాలి. అక్క వీడియోలు ఒక్కోటి నలభై నిమిషాలున్నాయి. వాటిని పన్నెండు పదిహేను నిమిషాల ముక్కలుగా కోయించాను. పేజీ రాయడం మొదలుపెడితే కోర్సే మారిన సందర్భం ఇది. సందేహానికి మాటలతో జవాబు లేకపోతే, జవాబు ఉండేలా సరుకును మార్చుకోవాలి. పేజీలో చివరికి "ఒక్కో పాఠం 15 నిమిషాల లోపే. వారానికి నాలుగు. ఫొటో ఆదివారం రాత్రిలోపు పంపితే చాలు. ఒక వారం తప్పితే తర్వాతి వారం రెండూ కలిపి పంపొచ్చు" అని రాశాం.

"నేర్చుకుంటే పని దొరుకుతదా?" అన్న ప్రశ్న దగ్గర అక్కకు కళ్లు మెరిశాయి. నెలకు ఇంత సంపాదించొచ్చని రాద్దామంది. నేను ఒప్పుకోలేదు. ఎవరికెంత వస్తుందో మన చేతిలో లేదు. ఊళ్లో మిషన్లు ఎన్ని, పండగ ఎప్పుడు, చేతిలో నైపుణ్యం ఎంత, అన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. సిరిసిల్ల ప్రాంతానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు సాంచలు ఎట్లా తిరిగాయో, ఆర్డరు లేని రోజుల్లో ఎట్లా ఆగాయో చూసినవాళ్లం. అందుకే పేజీలో ఉన్నది ఉన్నట్టు రాశాం: "పని ఇప్పిస్తామని మేము చెప్పడం లేదు. ఆది లేని జాకెట్‌ను ఒప్పుకునే ధైర్యం వస్తుంది." దాని కిందే ధర లెక్క. అక్క చుట్టుపక్కల లైనింగ్ జాకెట్‌కు కుట్టుకూలి ₹250 తీసుకుంటున్నారు. ₹1,499 అంటే ఆరు జాకెట్ల కూలి. ఆ లెక్క చదివే మనిషి చేతిలో పెడితే చాలు, తనకు గిట్టుతుందో లేదో ఆమే చూసుకుంటుంది. "కేవలం" అని ముందు తగిలించాల్సిన పనిలేదు.

ధర ఒక్కటే ఉండాలి, మొదటి బటన్ మీదే ఉండాలి. చివరికి వెళ్లాక పన్ను అనీ, ఛార్జీలనీ పెంచితే ఆ మనిషి మళ్లీ రాదు. చట్టం కూడా ఒప్పదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే 13 రకాల ఎత్తులను పేర్కొంది. ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం అందులో ఒకటి. లేని తొందరను పుట్టించడం ఇంకొకటి. "ఇంకా మూడే సీట్లు", "ఈ ధర పది నిమిషాలే" అని గడియారం తిప్పడం మనం రోజూ చూస్తున్నదే. పేజీ మళ్లీ తెరిస్తే ఆ గడియారం మళ్లీ పది నుంచి మొదలవుతుంది.

అక్క కోర్సులో మాత్రం పరిమితి నిజంగానే ఉంది. ఒక్కో ఫొటో చూసి గీత గీయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. 25 మంది అయితే 100 నిమిషాలు. అంతకుమించితే ఆదివారం రాత్రి ఆమె కూర్చోలేదు. ఆ కారణం చెప్పి "ఒక బ్యాచ్‌కు 25 మందే" అని రాశాం. నిండితే బటన్ తీసేసి తర్వాతి బ్యాచ్ తేదీ పెట్టాలని ముందే అనుకున్నాం. కారణం ఉన్న పరిమితిని జనం నమ్ముతారు, గౌరవిస్తారు.

డబ్బు వాపసు సంగతిని పేజీ అడుగున చిన్నక్షరాల్లో దాచకండి. బటన్‌కు ఆనుకునే ఉండాలి, ఎందుకంటే ఆ భయం పుట్టేది వేలు బటన్ మీదికి వెళ్లినప్పుడే. "మొదటి ఏడు రోజుల్లో నచ్చకపోతే ఒక్క సందేశం పెట్టండి. కారణం అడగం. కట్టిన నంబరుకే మొత్తం తిరిగి వస్తుంది" అని మూడు వాక్యాలు. దాని కింద ఇంకో సందేహం తీర్చాలి, ఇది దాదాపు ప్రతి పేజీలోనూ తప్పిపోతుంది: కట్టాక ఏమవుతుంది? డబ్బు పోయిన వెంటనే తెర తెల్లగా నిలబడితే మనిషి గుండె జారిపోతుంది. అందుకే ముందే చెప్పాం. కట్టిన అయిదు నిమిషాల్లో వాట్సాప్‌కు పాఠాల లింకు వస్తుంది, అది రాకపోతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని. కట్టాక తెరుచుకునే పేజీలో కూడా అవే మాటలు మళ్లీ ఉంటాయి, మొదటి పాఠానికి ఏం సిద్ధం చేసుకోవాలో ఉంటుంది: టేపు, పాత న్యూస్‌పేపర్లు, స్కేలు, ఎర్ర పెన్ను.

రాయడం అయ్యాక పరీక్ష. ప్రకటనల వాళ్లు రెండు రకాల పేజీలు చేసి, సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి చూపించి ఏది గెలిచిందో చూస్తారు. వేలమంది వచ్చేచోట అది సరే. మన దగ్గర ఒక్కోదానికి 200 మంది వచ్చి, ఒకదానిలో ఆరుగురు, ఇంకోదానిలో తొమ్మిదిమంది చేరితే, ఆ తేడా ఊరికే అట్లా పడి ఉండొచ్చు. దాన్ని పట్టుకుని బటన్ రంగు మార్చుకుంటూ కూర్చోకూడదు.

చిన్న కోర్సుకు పనికొచ్చే పరీక్ష వేరే. కోర్సు సంగతి తెలియని మనిషికి ఫోన్ ఇచ్చి, పేజీని పైకి చదవమనండి. మీరు నోరు మెదపకండి. అక్క పక్కింటామె బీడీలు చుట్టడం ఆపి చదివింది. మొదటి తెర అయ్యాక ఫోన్ తీసుకుని "ఇది ఏంది, ఎవలకు, ఏం నొక్కాలె?" అనడిగాను. మూడూ చెప్పింది. తర్వాత కిందికి పోయేటప్పుడు ఒకచోట ఆగింది, వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. "ప్రిన్సెస్ కట్, కటోరి" అన్న వరస అది. ఈ కోర్సులో ఆ రెండూ లేవు, ఉన్నాయేమో అనుకుంది. ఆ వరస తీసి "ఈ కోర్సులో నాలుగు డాట్ల మామూలు జాకెట్ మాత్రమే" అని పెట్టాం. ఎక్కడ వేలు ఆగిందో, ఎక్కడ పెదవి కదిలిందో చూస్తే ఏ లెక్కల పట్టికా చెప్పని సంగతి తెలుస్తుంది.

లెక్కల్లో చూడాల్సినవి రెండే. పేజీకి వచ్చినవాళ్లలో బటన్ నొక్కినవాళ్లెందరు? నొక్కినవాళ్లలో డబ్బు కట్టినవాళ్లెందరు? మొదటి చోట జారిపోతే మాటల్లో లోపం, అంటే శీర్షిక తప్పుడు మనుషులను పిలుస్తోంది, లేదా ఒక సందేహం తీరలేదు. రెండో చోట జారిపోతే మాటలను ముట్టుకోకండి, కట్టే దారిని చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే పేజీ ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. అక్కడి నుంచి కొన్ని ఫోన్లలో యూపీఐ యాప్‌కు పోవడం కుదరదు, తెర తిరుగుతూ ఉంటుంది. అందుకే కట్టేచోట యూపీఐ నంబరు కాపీ చేసుకునే వీలు కూడా ఉంచాలి. పాత ఫోన్‌లో, రెండు గీతల సిగ్నల్‌తో, మీరే ఒకసారి నిజంగా డబ్బు కట్టి చూడండి.

పేజీ బయటికి వెళ్లాక కూడా సందేహాలు వస్తూనే ఉంటాయి. మాకు మొదటి వారంలోనే ఒకటి వచ్చింది, నాకు ముందు తట్టనిది. ఇటు సిరిసిల్ల, అటు కోరుట్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు చాలా ఇళ్లలో ఉన్నారు. ఒకామె వాయిస్ పెట్టింది: "మా ఆయన దుబాయ్‌ల ఉంటడు అక్కా. ఆయననే కడతా అంటుండు. అక్కడికెల్లి కొడితే పోతలేదు." అక్కడి బ్యాంకు కార్డును మా చెల్లింపు ఏర్పాటు తీసుకోవడం లేదు. దాన్ని సరిచేసేదాకా ఆమెకు దొరికే దారి ఒక్కటే, ఆయన ఇంటికి పంపే డబ్బుతో పాటు ఇది కూడా ఆమె ఖాతాకే పంపితే, ఆమె తన ఫోన్ నుంచి కడుతుంది. అక్క ఆ మాటే ఆమెకు చెప్పింది. నేను అదే మాటను ఆమె అడిగిన తీరులోనే, ఆఖరి బటన్ కింద, డబ్బు వాపసు వాక్యాలకు ఆనుకుని ఒక వరసగా చేర్చాను.